ఆపరేషన్ అంతా మాట్లాడింది, ఒక్క ముక్కా గుర్తు లేదు: మత్తులో వచ్చే కలలు, పోయే జ్ఞాపకాలు

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. డోన్ దగ్గర బండి మీంచి పడి కాలు విరిగింది, ఎముక బయటికొచ్చింది. కర్నూల్లో ఆపరేషన్ చేసి బయట రాడ్లు బిగించినారు. నడుముకు సూది వేసి, మత్తు కూడా ఇచ్చినారంట. ఆమెకేమో పోయి చాలా ఏళ్లయిన మా తాత పొలంలో బోరు వేయిస్తా ఉన్నట్టు, నీళ్లు పడినాయని అందరూ అరిచినట్టు కల వచ్చిందంట. థియేటర్ సిస్టరేమో "మీ అమ్మ అయిపోయేదాకా మాతో మాట్లాడతానే ఉండింది" అంటోంది. అమ్మకు ఒక్క మాటా గుర్తు లేదు. మత్తు సరిగ్గా ఎక్కలేదా? తలకేమైనా అయిందా? ఇంకో రెండు వారాల్లో తోలు వేసే ఆపరేషన్ ఉంది, రానంటోంది.

సమాధానం:

తలకేమీ కాలేదనే నా నమ్మకం, మత్తు కూడా ఎక్కాల్సినంత ఎక్కింది. మాట్లాడి మర్చిపోవడం ఆ మందు చేసే పనే, అది ఫెయిలవడం కాదు. ఆ బోరు కల కూడా ఊరికే వచ్చినట్టు లేదు, థియేటర్లో నిజంగా వినపడిన శబ్దాలే అట్లా మారి ఉంటాయి, అది కింద చెప్తా. నేను మత్తు డాక్టర్ని, కర్నూలు, ఆదోని వైపు చాలా ఏళ్లుగా ఇదే పని, మీ అమ్మగారి కేసు షీట్ నేను చూడలేదు కాబట్టి ఏ మందు ఎంత ఇచ్చినారో కచ్చితంగా చెప్పలేను, కానీ మీరు చెప్పిన తీరు చూస్తే మేం రోజూ చేసేదే.

ఒక్కటి ముందే చెప్పేస్తా. ఆమె బండి మీంచి పడిన మనిషి. ఆపరేషన్‌కు ముందు బాగానే మాట్లాడి, పడింది కూడా సరిగ్గా గుర్తుంటే ఫర్వాలేదు. అట్లా కాకుండా ఇప్పుడు తలనొప్పి పెరుగుతా ఉన్నా, వాంతులు అవుతా ఉన్నా, పిలిచినా మత్తుగా పడుకునే ఉన్నా అది మత్తు మందు సంగతి కాదు, వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర చాలామందికి నడుముకు వేసే సూది, చేతి నరానికి ఇచ్చే మత్తు రెండూ ఒకటే అనుకునే అలవాటు. ఆ రెండింటి పనులు వేరు. నడుము సూదిలో పోయేది బుపివకెయిన్ అనే మందు, మామూలుగా ఒక మూడు ఎంఎల్ లోపే, అది నడుము కింద నొప్పిని, కాళ్ల కదలికను రెండు మూడు గంటలు ఆపేస్తుంది. తలకు దానితో సంబంధం లేదు. ఆ సూది ఒక్కటే వేస్తే మనిషి పూర్తి మెలకువతోనే ఉంటాడు, సర్జన్ మాటలు వింటాడు, ఏసీ చలి తెలుస్తుంది, కాలిని పట్టుకుని లాగుతున్నట్టు కూడా తెలియొచ్చు, నొప్పి మాత్రం ఉండదు. గంటన్నర అట్లా పడుకోవడం చాలామందికి భయం, అందుకే చేతి నరంలో మిడజోలం అనే మందు ఒకటి రెండు మిల్లీగ్రాములు ఇస్తాం, కొందరికి తెల్లగా పాల మాదిరి ఉండే ప్రొపోఫాల్ కూడా కొంచెం కొంచెంగా పోనిస్తాం. ఇది పూర్తిగా స్పృహ తప్పించడానికి కాదు. పిలిస్తే పలకాలి, ఊపిరి తనంతట తానే తీసుకోవాలి. దీన్నే సెడేషన్ అంటాం. మీ అమ్మగారు మాట్లాడతా ఉండడం అంటే ఆమె ఉండాల్సిన చోటే ఉందని అర్థం.

మిడజోలం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మీ ప్రశ్నలో సగం జవాబు దాంట్లోనే ఉంది. అది మెదడులో గాబా అనే సహజ రసాయనం చేసే పనిని బలపరుస్తుంది, దాంతో ఆందోళన తగ్గుతుంది, నిద్ర వచ్చినట్టు ఉంటుంది, అంతకంటే ముఖ్యంగా కొత్త జ్ఞాపకాలు నాటుకోవు. అప్పటికప్పుడు ఆలోచించడం, మాట అర్థం చేసుకోవడం, జవాబు చెప్పడం ఇవన్నీ కొంచెం నెమ్మదైనా నడుస్తానే ఉంటాయి, కానీ జరిగింది దాచిపెట్టుకునే పని, అంటే హిప్పోక్యాంపస్ అనే భాగం చేసే పని, ఆగిపోతుంది. సీసీ కెమెరా స్క్రీన్ మీద బొమ్మ కనపడతా ఉండి, రికార్డింగ్ ఆపేసి ఉంటే ఎట్లుంటుందో అట్లా. తర్వాత ఎంత వెతికినా అక్కడ ఏమీ ఉండదు, ఎందుకంటే చెరిగిపోవడం కాదు, అసలు రాసుకోనేలేదు.

ఒక కేసు చెప్తా, దీనికంటే బాగా అర్థమయ్యేటట్టు చెప్పేది నా దగ్గర ఏదీ లేదు. పత్తికొండ వైపు నుంచి ఒక టమోటా రైతు హెర్నియా ఆపరేషన్‌కు వచ్చినాడు. కూర్చోబెట్టి నడుముకు సూది వేసినాం, "కాళ్లు ఎచ్చగా అయితా ఉండాయి సార్, బరువెక్కినాయి" అన్నాడు. పడుకోబెట్టి పైదాకా తిమ్మిరి ఎక్కిందో లేదో స్పిరిట్ దూది పెట్టి చూస్తా, ఈలోగా మాటల్లో పెట్టడానికి మార్కెట్‌లో టమోటా రేటు ఎంతుంది అని అడిగినా. రేటు చెప్పి, దళారీలను నాలుగు తిట్లు తిట్టినాడు. అప్పుడు మిడజోలం ఒక మిల్లీగ్రాము ఇచ్చినా, రెండు మూడు నిమిషాలు ఆగి చూసి ఇంకొకటి ఇచ్చినా. ఆ తర్వాత ఆయన ఆగలేదు. రెండో కూతురి పెళ్లి మంత్రాలయంలో పెట్టుకున్నారంట, పిల్లోడిది బళ్లారి అంట, మధ్యవర్తి ఎవరు, బంగారం ఎంత, ఎవరు అలిగినారు, అన్నీ చెప్పినాడు. మాట కొంచెం ముద్దగా వస్తా ఉండింది గానీ తప్పులేం లేవు, అడిగినదానికి సరైన జవాబే వస్తా ఉండింది. ఆఖర్లో సర్జన్ కుట్లు వేస్తా ఉంటే కాసేపు కునుకు తీసినాడు.

మర్నాడు పొద్దున వార్డులో అడిగితే సూది గుచ్చింది గుర్తుంది, కాళ్లు బరువెక్కింది గుర్తుంది, టమోటా రేటు మాట్లాడింది గుర్తుంది. "ఆటికి నిద్ర పట్టిపోయింది సార్, మళ్లా ఎవరో ఇంకొక్క కుట్టు అన్నట్టు వినపడింది, లేసి చూస్తే ఈడ ఉండా" అన్నాడు. పెళ్లి ఏర్పాట్లు ఎంతవరకు వచ్చినాయి అని అడిగితే మొగం మారిపోయింది, "మీకెట్ల తెలుసు సార్, మావాళ్లు ఎవరన్నా చెప్పినారా?" అని పెళ్లాం వైపు చూసినాడు. ఆమె నా తట్టు చూసింది. నేనింక నవ్వి ఊరుకున్నా.

ఈ కేసులో రెండు విషయాలు గమనించండి. మిడజోలం ఇవ్వకముందు జరిగింది పోలేదు, సూది పోటు, టమోటా రేటు అన్నీ ఉన్నాయి, ఎందుకంటే ఈ మందు వెనక్కి పోయి చెరిపెయ్యదు, ఇచ్చిన తర్వాతవే నాటుకోకుండా చేస్తుంది. కాబట్టి "మత్తు ఇస్తే పాత జ్ఞాపకాలు పోతాయి, పిల్లల పేర్లు మర్చిపోతారు" అని ఊర్లో అనేది ఈ మందు విషయంలో నిజం కాదు. రెండోది, మందు దిగుతా ఉండే కొద్దీ మధ్యలో అక్కడో ముక్క ఇక్కడో ముక్క మిగులుతుంది, ఆ కుట్టు మాట అట్లా మిగిలిందే. చిన్న డోసు ప్రభావం జ్ఞాపకం మీద అరగంట అటూ ఇటూ గట్టిగా ఉంటుంది, వయసు ఎక్కువైతే, మళ్లీ మళ్లీ ఇస్తే ఇంకా సాగుతుంది. అందుకే ఆపరేషన్ అయిన వెంటనే రికవరీ రూములో డాక్టరు వచ్చి చెప్పిన జాగ్రత్తలు పేషెంట్‌కు ఒక్కటీ గుర్తుండవు. "డాక్టర్ అసలు నాకేమీ చెప్పలేదు" అని గొడవపడినవాళ్లను చాలామందిని చూసినా. చెప్పి ఉంటాడు. ఆ టైంలో ఏ మాటైనా పక్కన ఉన్న ఇంటివాళ్లకు చెప్పాలి, లేదా సాయంత్రం మళ్లీ చెప్పాలి.

పలకడం వేరు, గుర్తుండడం వేరు అనేది సెడేషన్‌లోనే కాదు, పూర్తి మత్తులో కూడా ఉందని పరీక్ష చేసి చూసినారు. 1977లో టన్‌స్టాల్ అనే డాక్టర్ ఒక పద్ధతి చెప్పినాడు. కండరాలు సడలించే మందు ఇచ్చే ముందు ఒక చేతికి బీపీ పట్టీ గట్టిగా బిగిస్తే ఆ చేతికి మందు చేరదు, ఒళ్లంతా కదలకపోయినా ఆ చెయ్యి కదలగలదు. ఆపరేషన్ మధ్యలో "వింటున్నావా, నా చెయ్యి నొక్కు" అంటే కొందరు నొక్కుతారు. లేచినాక అడిగితే వాళ్లలో దాదాపు ఎవరికీ గుర్తుండదు. అంటే ఆ క్షణం వాళ్లు ఏదో మేరకు ఉన్నారు, కానీ దాని ఆనవాలు మిగల్లేదు. నన్నడిగితే మత్తు వృత్తిలో ఇంతకంటే నిద్ర పట్టనివ్వని విషయం లేదు, కానీ మీ అమ్మగారి సంగతికి ఇది ధైర్యం చెప్పేదే, ఎందుకంటే ఆమెకు నొప్పి లేకుండా నడుము సూది ఎట్లాగూ ఉంది.

ఇంక కల. మీరు చెప్పిన ఆపరేషన్లో ఏం జరుగుతుందో చూడండి. ఎముక బయటికొచ్చిన దెబ్బ కాబట్టి ముందు మట్టి, మురికి పోయేదాకా లీటర్ల కొద్దీ సెలైన్ పోసి కడుగుతారు. ఆ నీళ్లు కింద పెట్టిన బక్కెట్‌లో పడతా ఉంటాయి. తర్వాత బయటి రాడ్లకు పిన్నులు దిగాలంటే డ్రిల్లుతో ఎముకకు రంధ్రం వేయాలి, వేసేటప్పుడు ఎముక కాలకుండా మళ్లీ నీళ్లు పోస్తా ఉంటారు. "నీళ్లు పొయ్యి, ఇంకా పొయ్యి" అని సర్జన్ అసిస్టెంట్‌తో అనడం నేను రోజూ వినేదే. డ్రిల్లు గుర్రుమంటా ఉంది, నీళ్లు పడతా ఉన్నాయి, నలుగురు మనుషులు నీళ్లు నీళ్లు అంటా ఉన్నారు. మన సీమలో పుట్టి పెరిగి, బోరు పడుతుందో లేదో అని రాత్రంతా గట్టు మీద కూర్చున్న ఇంట్లోంచి వచ్చిన మనిషి మెదడు ఆ శబ్దాన్ని ఇంకేమని అర్థం చేసుకుంటుంది చెప్పండి! వాళ్ల నాయన గట్టు మీద నిలబడి ఉండడం కూడా దానికి తగ్గట్టే వచ్చింది. ఇది నా ఊహే, రుజువు చేయలేను, కానీ మామూలు నిద్రలో అలారం మోగితే కలలో గుడి గంట మోగినట్టు రావడం అందరికీ అనుభవమే, సెడేషన్ నిద్ర పల్చగా ఉంటుంది, చెవి పని చేస్తానే ఉంటుంది.

మాటలు మర్చిపోయి కల మాత్రం ఎట్ల గుర్తుంది అని మీకు అనుమానం రావచ్చు. టైం తేడా. మందు గట్టిగా పని చేసినప్పటి మాటలు పోయినాయి, దిగుతున్నప్పుడు వచ్చిన కల మిగిలింది. పూర్తి మత్తు ఇచ్చినవాళ్లలో కూడా ఇదే కనపడింది. ఆస్ట్రేలియాలో కేట్ లెస్లీ అనే మత్తు డాక్టర్, ఆమె టీము 300 మంది ఆరోగ్యంగా ఉన్న పేషెంట్లను లేచిన వెంటనే అడిగినారు, 2007లో ప్రచురించినారు. 22 శాతం మంది కల వచ్చిందన్నారు. మత్తు తక్కువైనందుకు కలలు వచ్చినాయేమో అని చూస్తే, మెదడు తరంగాలను కొలిచే మానిటర్‌లో కల వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఆపరేషన్ నడుస్తున్నప్పటి మత్తు లోతు దాదాపు ఒకటే. కలలు వచ్చినవాళ్లు కొంచెం వయసులో చిన్నవాళ్లు, ప్రొపోఫాల్‌తో నడిపినవాళ్లు ఎక్కువ. ఎక్కువ భాగం కలలు ఇల్లు, పిల్లలు, పని గురించే, ఆపరేషన్‌తో సంబంధం లేనివి. లేచే ముందు ఆ కొద్ది నిమిషాల్లో వస్తాయనేది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. నా దగ్గర కూడా ప్రొపోఫాల్ ఇచ్చినవాళ్లు లేచి "అప్పుడే లేపినారా, మంచి కల వస్తా ఉండింది" అని విసుక్కున్నవాళ్లు ఉన్నారు.

మరి కల కాదు, నిజంగా మధ్యలో మెలకువ వచ్చింది అనేది ఎట్లా తెలుసుకోవాలి? మేం అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, 1970లో బ్రైస్ అనే ఆయన తోటివాళ్లతో కలిసి తయారు చేసినవి, ఇప్పటికీ అవే వాడతాం. నిద్ర పట్టేముందు ఆఖరుగా ఏం గుర్తుంది? లేచినాక మొట్టమొదట ఏం గుర్తుంది? ఈ రెండింటి మధ్యలో ఏమన్నా గుర్తుందా? కల ఏమన్నా వచ్చిందా? మొత్తం మీద బాగా ఇబ్బంది పెట్టింది ఏంది? ఇంతే. చూడండి, ఎక్కడా "నొప్పి తెలిసిందా", "కోస్తా ఉంటే తెలిసిందా" అని లేదు. అట్లా అడిగితే లేనిది కూడా ఉన్నట్టు తయారవుతుంది. ఇది మీ ఇంట్లో ముఖ్యం, చూడ్డానికి వచ్చిన ప్రతి బంధువూ "కత్తి పెట్టింది తెలిసిందా వదినా" అని అడుగుతా ఉంటే నాలుగు రోజులకు ఆ సిస్టర్ చెప్పిన మాటలు కూడా ఆమె సొంత జ్ఞాపకాల మాదిరి అయిపోతాయి. ఆ ఐదు ప్రశ్నలు మీరే ఒకసారి మెల్లగా అడగండి, మళ్లీ ఒక వారం తర్వాత అడగండి, కొందరికి ఆలస్యంగా గుర్తొస్తాయి.

నిజమైన మెలకువ ఉన్నవాళ్లు చెప్పేది వేరేగా ఉంటుంది. థియేటర్లో ఎవరు ఏం మాట్లాడినారో వరసగా చెప్తారు, అది మాతో సరిపోతుంది. "కదలాలనుకున్నా, అరవాలనుకున్నా, చెయ్యి రాలేదు, నోరు రాలేదు" అంటారు. అది కండరాలు సడలించే మందు ఇచ్చిన పూర్తి మత్తులో జరిగేది. బ్రిటన్, ఐర్లాండ్ దేశాల్లో దీని మీద పెద్ద సర్వే చేసి 2014లో రిపోర్టు ఇచ్చినారు, పూర్తి మత్తు తీసుకున్న సుమారు 19,000 మందిలో ఒకరు తమంతట తాము వచ్చి అట్లా చెప్పినారు, ఆ సడలించే మందు వాడినవాళ్లలో సుమారు 8,000కు ఒకరు. ప్రశ్నలు పెట్టి అడిగిన పరిశోధనల్లో ఇంతకంటే ఎక్కువే, వెయ్యికి ఒకరిద్దరు తేలినారు. అదే రిపోర్టులో నాకు నచ్చిన ఇంకో సంగతి ఏమంటే, మత్తులో మెలకువ వచ్చిందని ఫిర్యాదు చేసినవాళ్లలో కొందరికి అసలు పూర్తి మత్తే ఇవ్వలేదు, సెడేషన్ మాత్రమే ఇచ్చినారు, కానీ "నీకు మాటలు వినపడొచ్చు, నువ్వు పలుకుతావు" అని ముందు ఎవరూ చెప్పలేదు. వాళ్లు పూర్తిగా నిద్రపోతాం అనుకుని పోయినారు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది దాదాపు అదే. మందులో లోపం లేదు, ముందు చెప్పడంలో ఉంది, మా వాళ్ల మీద మాటొచ్చినా సరే అది ఒప్పుకోవాల్సిందే, ఓపీలో ఒక మనిషికి రెండు నిమిషాలు కూడా దొరకవు.

ఇప్పుడు తోలు వేసే ఆపరేషన్ సంగతి. సాధారణంగా తొడ మీంచి పల్చగా తోలు తీసి గాయం మీద పరుస్తారు, రెండూ నడుము కిందే కాబట్టి మళ్లీ నడుము సూదితోనే అయిపోతుంది. కానీ ఆ తర్వాత డ్రెస్సింగులు ఉంటాయి, వాటికి కొన్నిసార్లు కెటమిన్ ఇస్తారు. దీని గురించి మీకు ముందే తెలిసి ఉంటే మంచిది, ఎందుకంటే దీని కలలు బోరు కల మాదిరి ఉండవు.

కెటమిన్ 1962లో తయారైన మందు, నొప్పి పూర్తిగా తీసేస్తుంది, ఊపిరిని పెద్దగా ఆపదు, బీపీ పడనివ్వదు, చౌక కూడా. చిన్న ఆసుపత్రిలో కూడా ధైర్యంగా వాడొచ్చు, అందుకే మా తరం దాని మీదే బతికింది. పేషెంట్ కళ్లు తెరుచుకునే ఉంటాయి, గుడ్లు మెల్లగా అటూ ఇటూ ఊగుతా ఉంటాయి, కానీ మనిషి ఇక్కడ ఉండడు. బయటి ప్రపంచం, తన ఒళ్లు, తను, ఈ మూడూ విడిపోయినట్టు అవుతుంది. నిద్ర మందుల మాదిరి ఇది గాబా దారిలో పోదు, ఎన్ఎండీఏ అనే వేరే దారిని మూస్తుంది. ఆదోని వైపు ఒక కుర్రోడికి భుజం జారితే కెటమిన్ ఇచ్చి సరిచేసినాం, లేచేటప్పుడు గట్టిగా గోడ పట్టుకున్నట్టు బెడ్ పట్టుకున్నాడు, తర్వాత నెమ్మదిగా చెప్పినాడు, "నేను ఫ్యాన్ కాడ ఉండి కింద నన్ను నేనే చూసుకుంటా ఉండా సార్, కిందికి దిగేదానికి దారి తెలీలేదు." కొందరికి రంగులు, సొరంగాలు. కొందరు దేవుడు కనపడినాడంటారు, చచ్చి బతికినా అంటారు. నేను వాదించను, అది కెటమిన్‌తో వచ్చేదే అని, మళ్లీ రాదని మాత్రం చెప్తా. భయపడినవాళ్లకు ఆ మాటే చాలు.

కెటమిన్ కలలు భయంగా మారడం పెద్దవాళ్లలో ఎక్కువ, పిల్లల్లో తక్కువ. దాన్ని తగ్గించడానికి మిడజోలం కొంచెం కలిపి ఇస్తాం, అది ఆందోళనను తగ్గిస్తుంది, వచ్చిన కలను కూడా కొంత నాటుకోనివ్వదు. ఇంకోటి మందు కాదు గానీ బాగా పని చేస్తుంది: ఇచ్చే ముందు "మీకు ఇష్టమైన చోటు ఏదన్నా తలుచుకోండి, కళ్లు మూసుకోండి" అని చెప్పడం, లేచేటప్పుడు లైట్లు తగ్గించడం, చుట్టూ అరుపులు లేకుండా చూడడం, ఊరికే చెంపలు తట్టి లేపకపోవడం. ఏడుపుతో నిద్రపోయినవాళ్లు ఏడుపుతోనే లేస్తారు, ఇది నేను చూసి చూసి చెప్తున్నా. మానసిక జబ్బుకు మందులు వాడతా ఉంటే మాత్రం కెటమిన్ ముందు తప్పకుండా చెప్పాలి, వేరే మందు చూస్తారు.

చివరగా ఇంటికొచ్చినాక, లేదా వార్డులో రెండు మూడు రోజుల తర్వాత వచ్చే కలలు. వీటిని కూడా అందరూ "మత్తు ఇంకా దిగలేదు" అంటారు. దిగిపోయి ఉంటుంది, మామూలుగా ఒకరోజుకు మించి ఉండదు. పెద్ద ఆపరేషన్ అయిన మొదటి రాత్రి నొప్పి, ఒంటి మీద పడిన ఒత్తిడి, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు కలిసి కలలు వచ్చే నిద్ర భాగాన్ని అణిచేస్తాయి. రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపల ఆ బాకీ అంతా ఒక్కసారిగా తీరుతుంది, అప్పుడు కలలు పొడుగ్గా, గట్టిగా, చాలాసార్లు పీడకలలుగా వస్తాయి. వారంలో సర్దుకుంటుంది. లేపితే లేచి, "కల వచ్చింది" అని తనే చెప్తే దానికి మందు అక్కర్లేదు.

కానీ కలకూ తికమకకూ తేడా మీరు కనిపెట్టాలి, ఎందుకంటే అది జబ్బు. మెలకువగానే ఉండి గోడ మీద ఎవరో ఉన్నారంటారు, పొద్దున బాగుండి సాయంత్రానికి మారిపోతారు, సెలైన్ పీకేస్తారు, అడిగిన మాట మీద నిలవరు. వారాల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమనండి, మామూలుగా చెప్పగలిగే మనిషి శుక్రవారం దాకా వచ్చి ఆగిపోయి ఇంకేదో మాట్లాడితే డాక్టర్ని పిలవండి. మూత్రం బిగుసుకున్నా, జ్వరం వచ్చినా, సోడియం తగ్గినా ఇట్లా అవుతుంది. కాలి ఎముక విరిగినవాళ్లలో మొదటి రెండు మూడు రోజుల్లో ఎముకలోని కొవ్వు రక్తంలోకి పోయి తికమకతో పాటు ఆయాసం కూడా రావచ్చు, దాన్ని అస్సలు ఆలస్యం చేయకూడదు. మగవాళ్లయితే రోజూ తాగే అలవాటు ఉండి ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆగిపోతే రెండో మూడో రోజు చేతులు వణికి, లేనివి కనపడతాయి, ఇంట్లోవాళ్లు సిగ్గుపడి దాస్తారు, దాచొద్దు. 65 దాటినవాళ్లలో మిడజోలం కూడా ఈ తికమకను పెంచగలదు, అందుకే వాళ్లకు తక్కువ ఇస్తాం లేదా మానేస్తాం. మీ అమ్మగారు ఆ వయసుకు ఇంకా రాలేదు.

అమ్మగారిని ఒప్పించడానికి మీరు చేయాల్సింది, ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టర్ చూడ్డానికి వచ్చినప్పుడు పోయినసారి జరిగింది మొత్తం చెప్పడం, కల సంగతితో సహా. పాత కేసు షీట్‌లో మత్తు కాగితం ఒకటి ఉంటుంది, ఏ మందు ఎన్నింటికి ఎంత ఇచ్చినారో దాంట్లో రాసి ఉంటుంది, అది చూపించండి. తర్వాత ఆమెకు ఏది కావాలో ఆమెనే అడగమని డాక్టరుకు చెప్పండి: పోయినసారి మాదిరి ఏమీ గుర్తు లేకుండా ఉండాలా, లేక నిద్ర మందు లేకుండా మెలకువగా ఉంటుందా. నడుము సూది ఉంటే రెండూ కుదురుతాయి. కొందరికి మర్చిపోవడమే భయం, తను ఏం వాగినానో అని. అట్లాంటివాళ్లకు మిడజోలం లేకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టి పాటలు పెడతాం, హాయిగా పడుకుంటారు. తోలు తీసే మిషన్ కూడా గుర్రుమంటుంది, కాబట్టి ఇయర్‌ఫోన్ మీరే ఛార్జింగ్ పెట్టి ఇచ్చి పంపండి.